అక్కయ్యపాలెం ఇల్లు: ప్రాథమిక డిక్రీలో అద్దెల ఊసే లేదు, ఇప్పుడు అడగవచ్చా?

మధురవాడ టీచరమ్మ
అందరికీ నమస్కారం. విషయం కాస్త పెద్దది, ఓపికతో చదవండి.

అక్కయ్యపాలెంలో మా నాన్నగారు సొంత సంపాదనతో కట్టిన ఇల్లు ఉంది. కింద రోడ్డు వైపు మూడు షాపులు, పైన ఇల్లు. నాన్నగారు 2012లో వీలునామా రాయకుండానే పోయారు. అమ్మ, అన్నయ్య, తమ్ముడు, నేను వారసులం. షాపుల అద్దెలన్నీ మొదటి నుంచి అన్నయ్యే వసూలు చేసుకుంటున్నాడు. రెండు షాపుల్లో బయటివాళ్లు ఉన్నారు, ఒకరు దర్జీ, ఒకరు మొబైల్ రిపేర్. మూడో దానిలో అన్నయ్యే స్టీలు సామాన్ల దుకాణం పెట్టుకున్నాడు. పై ఇంట్లో కూడా తనే ఉంటున్నాడు.

2016 జులైలో పార్టిషన్ దావా వేశాను. 2019లో ప్రాథమిక డిక్రీ వచ్చింది: నలుగురికీ తలా పావు వాటా. ఎవరూ అప్పీలు వెయ్యలేదు. ఆ తర్వాత కరోనా, మా వారి అనారోగ్యం, నేను ఫైలు ముట్టుకోలేదు. 2020 డిసెంబరు చివర్లో అమ్మ పోయింది.

ఇప్పుడు తుది డిక్రీకి వెళ్దామని డిక్రీ ప్రతి తీసి చదివితే, అందులో అద్దెల గురించి ఒక్క ముక్క లేదు. దావాలో కూడా వాటా, ఖర్చులు మాత్రమే అడిగారు మా అప్పటి లాయరు గారు. ఆయన ఇప్పుడు ప్రాక్టీసు మానేశారు. తొమ్మిదేళ్ల అద్దెల్లో నా వంతు అడిగే దారి ఉందా, లేక అది పోయినట్టేనా?

ఎంవీపీ విశ్రాంత ఉద్యోగి
అమ్మా, నాకు తెలిసినంత వరకు రెండూ ఇబ్బందే. డిక్రీ వచ్చి మూడేళ్లు దాటితే తుది డిక్రీ దరఖాస్తుకు కాలం చెల్లుతుంది. అద్దెలు కూడా మూడేళ్లకు మించి రావు. పైగా దావాలో అడగనిది కోర్టు ఇవ్వదు. మా ఆఫీసులో ఒకాయన ఇలాగే పోగొట్టుకున్నారు. వీలైతే అద్దెల కోసం విడిగా ఇంకో దావా వేసుకోండి.

దొండపర్తి కిరాణా
మా బావగారి కేసు కూడా ఇదే. మా మామగారి స్థలంలో బావ హోటల్ పెట్టాడు, ఇప్పుడు నెలకు లక్షల్లో లాభం. ఆ లాభాల్లో మా ఆవిడకు వాటా రావాలి కదా? లెక్క పుస్తకాలు కోర్టుకు తెప్పించవచ్చా? మీ అన్నయ్య స్టీలు దుకాణం లాభాలు కూడా వదలకండి.

బీచ్ రోడ్డు వకీలు
విశ్రాంత ఉద్యోగి గారు చెప్పినవాటిలో సగం నిజం. ఆ సగం మరో రకం దావాకు సరిపోతుంది. కాస్త విడదీసి చెప్తాను.

ముందుగా కాలపరిమితి. పార్టిషన్ దావాలో ప్రాథమిక డిక్రీ వచ్చినంత మాత్రాన దావా ముగియదు. ఎవరికి ఎంత వాటా అన్నది తేలింది, ఏ గది ఎవరిది అన్నది తేలలేదు. అది తేలేదాకా దావా నడుస్తున్నట్టే. నడుస్తున్న దావాలో "ముందుకు సాగండి" అని కోర్టుకు గుర్తు చేసే దరఖాస్తుకు గడువు ఏమిటి? సుప్రీంకోర్టు 2009లో బుబ్నా కేసులో ఇదే చెప్పింది: పార్టిషన్‌లో తుది డిక్రీ దరఖాస్తుకు కాలపరిమితి వర్తించదు. 2022లో ఇంకో అడుగు ముందుకు వేసి, ప్రాథమిక డిక్రీ ఇచ్చాక కోర్టులే స్వయంగా తుది డిక్రీ వైపు నడవాలి, పార్టీ దరఖాస్తు కోసం ఫైలు మూసి కూర్చోవద్దు అంది. కాబట్టి ఆరేళ్ల ఆలస్యం మీ వాటాను చంపదు.

ఇక అద్దెలు. మీ వాటా సొమ్ము ఇంకొకరు అనుభవిస్తుంటే దాన్ని మెస్నే ప్రాఫిట్స్ అంటాం. రాసేటప్పుడు అలా రాసినా పలికేటప్పుడు "మీన్" అనాలి. మన కోర్టు వరండాలో మాత్రం అందరూ మెస్నే అనే అంటారు, నేనూ అంతే.

మీ కేసులో దీన్ని రెండు ముక్కలు చేసుకోండి. నాన్నగారు పోయిన 2012 నుంచి దావా వేసిన 2016 జులై దాకా ఒక ముక్క. అది పాత బాకీ. పాత బాకీని దావాలో అంకెతో సహా అడిగి, దానికి కోర్టు ఫీజు కట్టాలి. మీరు అడగలేదు, ఇప్పుడు ఆ ముక్క పోయినట్టే, దాని మీద ఆశ పెట్టుకోకండి. 2016 జులై నుంచి వాటా మీ చేతికి వచ్చేదాకా రెండో ముక్క. అది దావా వేసిన తర్వాత పుట్టిన ఆదాయం. దావా వేసే రోజున దాని లెక్క ఎవరికీ తెలియదు కాబట్టి దాన్ని ముందే అంకెతో అడగనవసరం లేదు. ప్రాథమిక డిక్రీ దాని గురించి మౌనంగా ఉన్నా, పార్టిషన్ దావాలో తుది డిక్రీ లోపు విచారణ కోరవచ్చని 1951లోనే మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి బసవయ్య కేసులో చెప్పింది. మన ప్రాంతం అప్పటికి ఆ హైకోర్టు కిందే ఉంది కాబట్టి ఆ తీర్పు ఇక్కడి కోర్టుల్లో ఇప్పటికీ పనికొస్తుంది.

విడిగా దావా వేయమన్న సలహా మాత్రం వద్దు. విడి దావా వేస్తే వెనక్కి మూడేళ్ల ఆదాయమే దొరుకుతుంది. ఉన్న దావాలోనే ఐఏ, అంటే మధ్యంతర దరఖాస్తు వేస్తే 2016 నుంచి లెక్క అడగవచ్చు. తొమ్మిదేళ్లను చేతులారా మూడేళ్లు చేసుకోవడం దేనికి?

దొండపర్తి సోదరా, అడిగేది ఆస్తి ఇచ్చే ఆదాయం, మనిషి చేసే వ్యాపారం ఇచ్చేది కాదు. మీ బావగారు వంట చేయించి, మనుషులను పెట్టి సంపాదించినది ఆయనదే. ఆ స్థలాన్ని అద్దెకు ఇస్తే ఎంత వచ్చేదో దానిలో మీ ఆవిడ వంతు అడగవచ్చు. హోటల్ లెక్క పుస్తకాలు తెప్పించి ప్రయోజనం లేదు.

దొండపర్తి కిరాణా
అంటే హోటల్ బాగా నడిచినా నడవకపోయినా మాకు ఒకటేనా? ఇది అన్యాయం కదండీ.

బీచ్ రోడ్డు వకీలు
హోటల్ మునిగిపోయి ఉంటే అప్పుల్లో వాటా తీసుకునేవారా?

గాజువాక శీను
తుది డిక్రీ మాట వచ్చింది కాబట్టి నా కథ చెప్తాను. మాకు 2014లో ప్రాథమిక డిక్రీ వచ్చింది. డిక్రీ అన్న మాట చూసి నేరుగా ఈపీ, అంటే అమలు పిటిషను వేయించాను, కోర్టు అమీనాతో వెళ్లి మా వాటా గదులు స్వాధీనం చేసుకుందామని. రెండేళ్లు వాయిదాలు తిరిగాక, అమలు చేయడానికి ఇందులో ఏముంది, ఏ గది మీదో ఎక్కడుంది అని ఈపీ కొట్టేశారు. అప్పుడు మళ్లీ మొదటి నుంచి తుది డిక్రీ పిటిషను, పంపకానికి కోర్టు వేసే కమిషనరు, కొలతలు. చివరికి తుది డిక్రీ 2021లో వచ్చింది. ఇప్పుడు స్టాంపు పేపరు మీద ఎక్కించాలంటున్నారు. నాలుగేళ్లయింది, డబ్బు సర్దుబాటు కాక అలాగే ఉంది. ఇదీ గడువు దాటిపోతుందా?

పాత గుమాస్తా
శీను గారూ, కంగారు వద్దు కాని నిద్ర కూడా వద్దు. పార్టిషన్ తుది డిక్రీ అంటే పంపకం దస్తావేజు లాంటిదే. అందుకే నాన్ జ్యుడీషియల్ స్టాంపు పేపరు మీద ఎక్కిస్తారు. అన్నిటికన్నా పెద్ద వాటాను వదిలేసి మిగతా వాటాల విలువ మీద స్టాంపు సుంకం లెక్క కడతారు, వాటాలు సమానమైతే ఒకదాన్ని వదిలేస్తారు. స్టాంపు ఎక్కేదాకా అమలుకు పనికిరాదు. అయితే ఈపీ వేయడానికి ఉన్న 12 ఏళ్లు తుది డిక్రీ తేదీ నుంచే నడుస్తాయి, స్టాంపు ఎక్కిన తేదీ నుంచి కాదు. మీ గడియారం 2021 నుంచే తిరుగుతోంది. మీ వంతు మాత్రమే కట్టి ఎక్కించుకునే వీలుందేమో మీ లాయరు గారిని అడగండి.

టీచరమ్మ గారికి ఒక మాట. ముప్పై ఏళ్లు ఫైళ్లు మోశాను కాబట్టి చెప్తున్నాను. వకీలు గారు "తుది డిక్రీ లోపు" అన్నారు చూడండి, దాన్ని ఎర్ర సిరాతో రాసుకోండి. ఒక కేసులో కమిషనరు ఇల్లు కొలిచాడు, గదులు పంచాడు, అందరూ సంతోషంగా తుది డిక్రీ పుచ్చుకున్నారు. ఆ తర్వాత చెల్లెలికి అద్దెలు గుర్తొచ్చాయి. దావా ముగిసిపోయింది, ఇక ఏ ఐఏ వేస్తారు? అందుకే పంపకం ఐఏ, అద్దెల ఐఏ రెండూ ఒకేసారి వేయండి. పంపకం ముందు తేలిపోతే, అద్దెల లెక్క తర్వాత తేలుస్తామని ఆ ఉత్తర్వులోనే రాయించుకోండి.

మధురవాడ టీచరమ్మ
వకీలు గారికి, గుమాస్తా గారికి చాలా కృతజ్ఞతలు. రెండు రోజులుగా మనసు కుదుటపడింది. కొన్ని వివరాలు అడుగుతాను.

అద్దె వివరాలు: 2016 జులై నుంచి 2019 జూన్ దాకా ఒక్కో షాపుకు 8,000. తర్వాత 10,000. 2021 నుంచి 12,000. కరోనా మొదట్లో మూడు నెలలు ఎవరూ కట్టలేదు. ఇవన్నీ దర్జీ గారు చెప్పినవి. ఆయన దగ్గర చిన్న జేబు డైరీలు ఉన్నాయి, ప్రతి నెలా అన్నయ్య సంతకం చేసేవాడు. ఆయన పేజీ తిప్పి చూపించాడు: పైన వినాయకుడి బొమ్మ, కింద బట్టల కొలతలు, ఆ కొలతల మధ్యలో "అద్దె ముట్టినది" అని అన్నయ్య చేతివ్రాత.

ఇంటి పన్ను, చిన్న చిన్న మరమ్మతులు అన్నయ్యే చూసుకున్నాడు. అది నిజం.

పాత గుమాస్తా
ఆ డైరీలు బంగారం. ఫొటోలు తీసుకోండి, కాని అసలు డైరీలు మీ ఇంటికి తెచ్చుకోకండి. మీ చేతికొస్తే "ఆవిడే రాయించుకుంది" అంటారు. దర్జీ దగ్గరే ఉండనిచ్చి, విచారణలో ఆయనకు సమను వేయించి డైరీలతో సహా పిలిపించండి.

ఇంకో సంగతి. షాపు కొన్నాళ్లు ఖాళీగా ఉందని ఎదుటివాళ్లు అనడం మామూలే. ఒక కేసులో అలాగే రెండేళ్లు ఖాళీ అన్నారు. కమిషనరు ఆ షాపు మీటరు కరెంటు బిల్లులు తెప్పించాడు. ఖాళీ షాపులో నెలనెలా వంద యూనిట్లకు పైగా కాలింది! ఆ పెద్దమనిషి తర్వాత నోరెత్తలేదు.

బీచ్ రోడ్డు వకీలు
లెక్క ఎలా కడతారో మీ అంకెలతోనే చూద్దాం. మూడు షాపులకూ ఒకటే అద్దె అనుకుందాం, 2025 జూన్ చివరి దాకా.

అమ్మగారు ఉన్న కాలం మొదట. 2016 జులై నుంచి 2019 జూన్ వరకు 36 నెలలు, నెలకు 24,000 చొప్పున 8,64,000. అక్కడి నుంచి 2020 డిసెంబరు దాకా 18 నెలలు, కరోనా మూడు నెలలు తీసేస్తే 15, నెలకు 30,000 చొప్పున 4,50,000. రెండూ కలిపి 13,14,000. ఇందులోంచి పన్ను, మరమ్మతులు తీసేయాలి, అవి ఆస్తిని నిలబెట్టిన ఖర్చులు. నెలకు 1,500 అనుకుంటే 54 నెలలకు 81,000. మిగిలింది 12,33,000. అందులో మీ పావు వంతు 3,08,250.

ఆ తర్వాతి కాలంలో వాటా మారింది, దీన్ని చాలామంది మరిచిపోతారు. అమ్మగారి పావు మీ ముగ్గురికీ సమానంగా వస్తుంది, అంటే తలా మూడో వంతు. 2021 జనవరి నుంచి 2025 జూన్ దాకా మళ్లీ 54 నెలలే. నెలకు 36,000 చొప్పున 19,44,000. ఖర్చులు నెలకు 2,000 అనుకుని 1,08,000 తీస్తే 18,36,000. మీ మూడో వంతు 6,12,000.

రెండూ కలిపి 9,20,250. దీని మీద వడ్డీ కూడా అడగవచ్చు, అది ఈ ఆదాయంలో భాగమేనని సివిల్ ప్రొసీజర్ కోడ్ చెప్తోంది. రేటు కోర్టు ఇష్టం.

ఇంకొకటి ఉంది. అమ్మగారు ఉన్నప్పుడు ఆవిడ పావు వంతు ఆదాయం కూడా అన్నయ్య దగ్గరే ఉండిపోయింది కదా. అదీ 3,08,250. అది ఆవిడకు రావలసిన బాకీ అని నిలబెట్టగలిగితే అందులో మూడో వంతు, 1,02,750 మీకు చేరాలి. కాని అమ్మగారు ఆ ఇంట్లోనే, అన్నయ్య దగ్గరే ఉన్నారా? ఉంటే "అమ్మ తిండి, మందులు నేనే చూశాను, ఆవిడ వంతు ఆవిడకే ఖర్చయింది" అంటాడు. ఆ మాటకు బలం ఉంటుంది. నేనైతే ఆ లక్ష కోసం పెద్దగా పట్టుబట్టను.

మారిన వాటాను ముందు రికార్డులోకి ఎక్కించాలి. అమ్మగారి వారసులంతా ఇప్పటికే దావాలో ఉన్నారు కాబట్టి మరణ ధ్రువపత్రంతో దరఖాస్తు వేసి వాటాలు సవరించమని అడగండి. తుది డిక్రీ లోపు పరిస్థితి మారితే కోర్టు ఇంకో ప్రాథమిక డిక్రీ ఇవ్వవచ్చు. కూతుళ్ల హక్కు మీద 2005లో చట్టం మారినప్పుడు మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు 2011లో ఈ మాట ఖాయం చేసింది.

ఎంవీపీ విశ్రాంత ఉద్యోగి
వకీలు గారూ, మూడేళ్ల పరిమితి నేను ఊహించి చెప్పింది కాదండీ. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 20లో చదివాను. స్వాధీనం ఇచ్చేదాకా, లేదా డిక్రీ తేదీ నుంచి మూడేళ్లు, ఏది ముందైతే అది అని ఉంది. ఆ లెక్కన 2022తో ఆగిపోవాలి కదా?

బీచ్ రోడ్డు వకీలు
సరిగ్గానే చదివారు. అది ఆర్డర్ 20లో నియమం 12. ఆక్రమణదారుడి మీద స్వాధీనం కోసం వేసే దావాకు రాసింది. పార్టిషన్‌కు నియమం 18 విడిగా ఉంది, అందులో ఆ మూడేళ్ల గీత లేదు. తోబుట్టువు ఉమ్మడి ఇంట్లో ఉండటం ఆక్రమణ కాదు, ప్రతి ఇటుకలోనూ అతనికీ వాటా ఉంది. అందుకే ఫుల్ బెంచి నియమం 12ను పార్టిషన్‌కు తేలేదు. అయితే ఎదుటి లాయరు మీ వాదనే వినిపిస్తాడు, ఖాయం. కొందరు జడ్జీలు ఆ మూడేళ్లకు మొగ్గు చూపడం నేనూ చూశాను. అందుకే ఐఏలో మొదటే నియమం 18 అని స్పష్టంగా రాయాలి.

తమ్ముణ్ణి నేనే
నేను టీచరమ్మ గారి తమ్ముణ్ణి కాదు, వేరే ఇంటివాణ్ణి. ఇక్కడ అందరూ అక్కగారి వైపే మాట్లాడుతున్నారు, నాది అన్నయ్య పక్క. మా ఇంట్లో అమ్మానాన్నలను పదిహేనేళ్లు చూసింది నేను. ఆడపడుచులు సంక్రాంతికి వచ్చి చీరలు పుచ్చుకుని వెళ్లారు. ఇప్పుడు అద్దెల లెక్క అడుగుతున్నారు. పై కప్పు కారితే చేయించింది ఎవరు? ఆ మూడో షాపులో ఉన్నది ఆయనే కదా, తన ఇంట్లో తను ఉంటే అద్దె ఏమిటి? ఇంటి పెద్దగా చూసుకున్నవాడిని లెక్క అడగకూడదని మా లాయరు చెప్పారు.

బీచ్ రోడ్డు వకీలు
మీ బాధ అర్థమైంది. కప్పు బాగు చేయించిన ఖర్చు అడిగి తీసుకోవచ్చు, రసీదులు ఉంటే. ఒకవేళ అన్నయ్య తన డబ్బుతో కొత్తగా ఇంకో అంతస్తు వేసి ఉంటే, దాని అద్దె ఈ లెక్కలోకి రాదు. పంపకంలో దాన్ని అతని వాటాలోకే వచ్చేలా సర్దే ప్రయత్నం కూడా చేస్తారు.

కాని "ఇంటి పెద్దను లెక్క అడగకూడదు" అన్నది పిత్రార్జిత ఉమ్మడి కుటుంబానికి చెప్పే మాట. అక్కడ కుటుంబాన్ని నడిపే కర్త గతంలో చేసిన ఖర్చులను పంపకంలో తవ్వరు. టీచరమ్మ గారిది నాన్నగారి స్వార్జితం, వీలునామా లేకుండా వచ్చింది. అలాంటి ఆస్తిలో వారసులు ఎవరి వాటాకు వారే యజమానులు, కర్త అంటూ ఎవరూ ఉండరు. మీ ఆస్తి ఏ రకమో మీ లాయరు గారు చూసే చెప్పి ఉంటారు.

మూడో షాపు, పై ఇల్లు సంగతిలో మీ మాటను కొట్టిపారేయలేను. బయటివాళ్ల దగ్గర వసూలు చేసిన అద్దెలో వాటా ఇవ్వాలన్నది తేలిక. తానే ఉంటున్న భాగానికి అద్దె కట్టి ఇవ్వాలా అంటే, మిగతావారిని రానివ్వకుండా అడ్డుకున్నాడని చూపించాలి. చూపిస్తే, పక్క షాపు అద్దెను కొలతగా తీసుకుంటారు. చూపించలేకపోతే మూడో షాపు లెక్కలోంచి పోతుంది, నేను పైన వేసిన అంకె దాదాపు మూడో వంతు తగ్గుతుంది. పై ఇల్లు అయితే నేను లెక్కలోకే తీసుకోలేదు. టీచరమ్మ గారూ, మీరు ఎప్పుడైనా ఆ షాపులోనో ఇంట్లోనో మీ వంతు అడిగి, కాదనిపించుకున్నారా? కాగితం ఏదైనా ఉందా?

మధురవాడ టీచరమ్మ
2017లో తమ్ముడు ఆ మూడో షాపులో సగం తనకివ్వమని లాయరు నోటీసు ఇచ్చాడు. అన్నయ్య "ఇది నా దుకాణం, నీకు ఇందులో సంబంధం లేదు" అని జవాబు రాయించాడు. ఆ జవాబు కాగితం తమ్ముడి దగ్గర ఉంది. నేను మాత్రం నోటి మాటగానే అడిగాను.

తమ్ముణ్ణి నేనే గారూ, అమ్మను అన్నయ్య బాగానే చూశాడు. దానిలో నాకు గొడవ లేదు. 2022లో మా అమ్మాయి పెళ్లికి యాభై వేలు, పట్టుచీర పెట్టాడు. ఇప్పుడు ఆ యాభై వేలు కూడా అద్దె కింద జమ చేసుకుంటానని కబురు చేశాడు. మేనమామ పెట్టిన సారె అద్దె ఎప్పటి నుంచి అయిందో నాకు తెలియదు.

ఇంకో కొత్త సంగతి. అమ్మ తన పావు వాటా అన్నయ్యకు వీలునామా రాసిందట. 2020 సెప్టెంబరు తేదీతో. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

పాత గుమాస్తా
తుది డిక్రీ మాట వినగానే పాత ట్రంకు పెట్టెల్లోంచి వీలునామాలు బయటికొస్తాయి. ఇది నేను ఎన్నోసారి చూస్తున్నానో లెక్కలేదు. నిజం కావచ్చు కూడా, అది వేరే మాట.

బీచ్ రోడ్డు వకీలు
తమ్ముడి కాగితం చాలా విలువైనది, అన్నయ్య మిగతావారిని కాదన్నాడనడానికి అదే రుజువు. అయితే ఆ కాగితం తమ్ముడికి ఇచ్చింది. మీకు అదెంత వరకు పనికొస్తుందన్నది వాదించవలసిన విషయం. తమ్ముడు కూడా తన వాటా అద్దె అడిగితే బలం పెరుగుతుంది. పార్టిషన్‌లో ప్రతివాది కూడా వాదిలాంటివాడే, విడిగా దావా అక్కర్లేదు.

యాభై వేలు అద్దె అని ఇచ్చినట్టు కాగితం లేనప్పుడు దాన్ని మీకు రావలసిన అద్దెలోంచి తగ్గించుకోవడం అన్నయ్యకు కష్టం.

వీలునామా పెద్ద విషయం. దాన్ని నిజమని చూపించవలసిన బరువు అన్నయ్యదే. సాక్షి సంతకం చేసినవారిలో బతికున్న ఒకరినైనా కోర్టుకు తెచ్చి చెప్పించాలి. అది నిలిస్తే మీ వాటా పావు దగ్గరే ఆగుతుంది. అప్పుడు 2021 తర్వాతి 18,36,000లో మీ వంతు 4,59,000, మొత్తం 7,67,250. అంటే ఆ ఒక్క కాగితం అద్దెల్లోనే లక్షన్నర తేడా తెస్తుంది, ఇంటి విలువలో తెచ్చేది అంతకన్నా ఎన్నో రెట్లు. అందుకని ముందు వాటాల సవరణ తేలాలి, ఆ తర్వాతే అద్దెల లెక్క. మొదటి డిక్రీలోని పావు వాటాను మాత్రం అతను ఇప్పుడు కదిలించలేడు. అప్పీలు వేయకుండా వదిలేసిన ప్రాథమిక డిక్రీని తుది డిక్రీ అప్పీలులో తిరగదోడనివ్వరు.

ఈలోగా ఒక పని చేయండి. ఇకపై వచ్చే అద్దెలను కోర్టులో జమ చేయించమని, అవసరమైతే కోర్టు తరఫున అద్దెలు వసూలు చేసే రిసీవరును వేయమని దరఖాస్తు పెట్టండి. ఇచ్చినా ఇవ్వకపోయినా, ఆ దరఖాస్తుకు అన్నయ్య వేసే కౌంటరులో అద్దె ఎంతో అతనే ఒప్పుకోవలసి వస్తుంది.

గాజువాక శీను
కోర్టు ఫీజు? పది లక్షల మీద ఇప్పుడే కట్టాలా?

పాత గుమాస్తా
ఐఏ వేసేటప్పుడు కాదు. లెక్క తేలాక, తేలిన మొత్తానికి కట్టాలి. కట్టాకే ఆ సొమ్ము వసూలుకు వెళ్లనిస్తారు. టీచరమ్మ గారూ, ముందే సర్దిపెట్టుకోండి, శీను గారి స్టాంపు పేపరులా కాకుండా.

మధురవాడ టీచరమ్మ
ఒక నెల తర్వాత రాస్తున్నాను. కొత్త లాయరు గారిని పెట్టుకున్నాను. మూడు ఐఏలు వేశారు: వాటాల సవరణ, పంపకానికి కమిషనరు, అద్దెల విచారణ. రిసీవరు దరఖాస్తు తర్వాత చూద్దామన్నారు, నాకైతే అదే ముందు వేయాలనిపించింది. అన్నయ్య తరఫున కౌంటరుకు గడువు అడిగారు. మూడు వందల గజాల్లో ముగ్గురికి ముక్కలు చేస్తే ఎవరికీ పనికిరాదని, అవసరమైతే ఇల్లు అమ్మి పంచమని అడగవచ్చని మా లాయరు గారు అంటున్నారు. ఆ మాట విన్నాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నిన్న దర్జీ గారి దగ్గరికి వెళ్లాను. కోర్టుకు వస్తానన్నారు. డైరీలన్నీ ఉన్నాయి, 2018ది తప్ప. ఆ ఏడాది వానల్లో షాపులోకి నీళ్లు వచ్చి తడిసిపోయిందట.

పాత గుమాస్తా
2017 డిసెంబరు పేజీలో 8,000, 2019 జనవరి పేజీలో 8,000 ఉంటే మధ్యలో 2018 ఎంతో కమిషనరుకు చెప్పనక్కర్లేదు. మొబైల్ రిపేరు కుర్రాడు ఆ ఏడాది అద్దె ఫోనులోంచి పంపాడేమో కనుక్కోండి. పంపి ఉంటే అతని బ్యాంకు స్టేట్‌మెంటు తీయించండి.